పాత నంబరు

కొత్త సిమ్‌కు ఆఫర్ వస్తే పాతది పారేయడం మా ఇంట్లో అలవాటు. నంబరు మార్చుకోకుండానే వేరే కంపెనీకి వెళ్లొచ్చని తెలుసు, కానీ ఎవరు తిరుగుతారు దాని కోసం? అలా నేను పారేసిన ఒక సిమ్, మా చెల్లె నర్సు ఉద్యోగానికి అడ్డం తిరిగింది.

రెండేళ్ల కింద జనగామలోని నెట్ సెంటర్‌కు పోయి సర్కారు ఉద్యోగాల సైట్‌లో చెల్లె పేరు రిజిస్టర్ చేయించినప్పుడు దానికి ఫోన్ లేదు. అప్పటి నా నంబరే ఇచ్చాను. మెయిల్ అడిగితే వద్దన్నాను. ఆదివారం పరీక్ష ఉందనగా శుక్రవారం పొద్దున హాల్‌టికెట్ తీయబోతే పాస్‌వర్డ్ గుర్తు లేదు. కొత్తది పెట్టుకోవాలంటే ఓటీపీ ఆ పాత నంబరుకే పోతుంది. హెల్ప్‌లైన్‌కు చేస్తే, నంబరు మార్పుకు దరఖాస్తు పెట్టండి, వారం పడుతుందన్నారు. చెల్లె ఏడవలేదు, నా వైపు చూసింది. ఏడ్చినా బాగుండేది.

నా పాత నంబరుకే నేను ఫోన్ చేశాను. భూపాలపల్లి నుంచి ఒక పెద్దావిడ ఎత్తింది. చాలా రోజులు రీఛార్జ్ లేక ఆగిపోయిన నంబరును కంపెనీ ఆమెకిచ్చిందట.

"అవ్వా, నీకొక ఓటీపీ వస్తది, జర చెప్పవా?"

"ఓటీపీ అడిగేటోళ్లంత దొంగలే" అని పెట్టేసింది. నాకు ఒళ్లు మండింది. కానీ ఆమె చెప్పింది తప్పు కాదు. నాలుగోసారికి ఎత్తి, "నిజమే అయితే ఇంటికి రా. ఆధార్ తే" అంది.

హనుమకొండలో బస్సు మారి ఇద్దరం వెళ్లాం. ఆవిడ అరుగు మీద కూర్చుని, చెల్లె ఆధార్ మీది ఫొటోనూ దాని మొఖాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఇగ ఓటీపీకి కొట్టు బిడ్డా. అంకెలు నాకొస్తయి."

మెసేజ్ రాగానే ఒక్కో అంకె చదివింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టాం. సైట్ లోపలికి వెళ్లాక నంబరు మార్చుకోబోతే పాతదానికి ఇంకో ఓటీపీ పోయింది. అదీ చదివింది. ఆ తర్వాత చెల్లె సొంత నంబరుకు ఒకటి వచ్చింది. అప్పుడు హాల్‌టికెట్ తెరుచుకుంది.

అవ్వ ఫోన్ కొంగులో దాచుకుంటూ, "ఇగ నీ పేరు మీద నాకేం రావు గదా బిడ్డా? గీ మెసేజ్‌లంటే నాకు బుగులు" అని నన్నడిగింది.

"రావవ్వా" అన్నాను.

నా బ్యాంకు ఖాతా, నా ఆధార్ ఇంకా ఆ నంబరు మీదే ఉన్నాయి. ఆమె నిమ్మళంగా చాయ్ పెట్టడానికి లేచింది.