ఆదివారం గోలి

తప్పులు దిద్దడం నాకు ఉద్యోగమే కాదు, ఒక జబ్బు కూడా. ఉప్పల్ దగ్గర సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. పెళ్లి శుభలేఖ చేతికొచ్చినా ముందు అచ్చుతప్పులు వెతుకుతాను. అలాంటి నేను ఒకసారి డాక్టరు చీటీని కూడా దిద్దాను.

ఆ చీటీ మా అత్తమ్మది. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పాతికేళ్లు సీసాలకు మూతలు బిగించిన చేతులు ఆమెవి. కీళ్లవాతం వచ్చాక పొద్దున్నే పిడికిలి ముడుచుకునేది కాదు. డాక్టరు రెండు మందులు రాశారు. మెథోట్రెక్సేట్ ఆదివారం ఒకటి, మిగతా ఆరు రోజులూ ఫోలిక్ యాసిడ్. మొదటిదాని పక్కన "వారానికి ఒక్కసారే" అని రాసి కింద రెండు గీతలు గీశారు.

నాకు నవ్వొచ్చింది. ఫోలిక్ యాసిడ్ గురించి నాకా చెప్పేది? మా బడిలో ఐరన్‌తో కలిపి ఇచ్చే ఆ నీలం మాత్రను వారానికొకటి చొప్పున పిల్లల చేత మింగించేది నేనే. వారానికొకసారి వేసుకోవలసింది అదీ! అసలు నొప్పుల మందు వారానికొకటి వేసుకుంటే ఏ నొప్పి తగ్గుతుంది? డాక్టరు హడావిడిలో తారుమారు చేశారని తీర్మానించి, సరిచేసిన టైంటేబుల్ ఒక అట్ట మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. సోమవారం నుంచి శనివారం దాకా మెథోట్రెక్సేట్, ఆదివారం ఫోలిక్ యాసిడ్.

మొదటి రోజే అత్తమ్మ మాత్రను అరచేతిలో పెట్టుకుని ఆగింది. "డాక్టర్ సారు గీ గోలి ఆదివారం ఒక్కనాడే అన్నడు గద బిడ్డా?"

నేను ఆరో తరగతి పిల్లకు చెప్పినట్టు ఎంతో ఓపిగ్గా వివరించాను. చదువుకున్న కోడలు చెబుతోంది కదా అని ఆమె మింగేసింది.

రెండో సోమవారానికి ఆమె నోరు పూసింది. వేడి చేసిందని నేనే తేల్చి మజ్జిగ తాగించాను, సబ్జా గింజలు నానబెట్టాను. బుధవారానికి జావ కూడా దిగలేదు. అయినా పొద్దున ఏడయ్యేసరికి గ్లాసు పట్టుకుని మాత్ర కోసం కూర్చునేది. మా పిల్లలకు ఆ క్రమశిక్షణలో సగమైనా లేదని స్టాఫ్ రూములో గొప్పగా చెప్పాను కూడా.

గురువారం మాత్రలు అయిపోయాయి. సాయంత్రం నాచారంలో మందుల షాపుకు వెళ్లి ఇంకో పది అడిగాను. షాపాయన చీటీ చూసి నా ముఖం చూశాడు.

"మొన్ననే గద మేడమ్ పది గోలీలు తీస్కపోయిన్రు. అవి పది వారాలు రావాలె. రోజు ఏస్తున్నరా?"

డాక్టరు చేసిన తప్పేమిటో నేను ఆయనకు చెప్పబోయాను. ఆయన వాదించలేదు. నోరు పూసిందా అని మాత్రం అడిగాడు. పూసిందన్నాను.

"ఇంగొక్క గోలి గూడ ఇయ్యకున్రి. ఇప్పుడే పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి. ఖాళీ అయిన గోలీల అట్ట గూడ సూపెట్టుండ్రి."

ఆటోలో ఎక్కించేసరికి ఆమె ఒళ్లు కాలిపోతోంది. రక్త పరీక్షలో తెల్లకణాలు బాగా పడిపోయాయని, కిడ్నీలు కూడా నీరసించాయని తేలింది. ఈ మందు వేగంగా పెరిగే కణాలను ఆపుతుందని వార్డు డాక్టరు చెప్పారు. నోటి లోపలి పొర, ఎముక మూలుగలో పుట్టే రక్తకణాలు అలాంటివే. వారానికొకసారైతే అవి తేరుకోవడానికి మధ్యలో రోజులుంటాయి. రోజూ వేస్తే ఆ వ్యవధి ఉండదు, పెద్ద వయసు కిడ్నీలు మందును తొందరగా బయటికి పంపలేవు. ప్రాణం మీదికి వస్తుంది.

పోనీ ఇప్పుడు ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా వేస్తే సరిపోదా అని గొణిగాను. సరైన మోతాదు వేసుకునేవాళ్లకు నోటిపూత, వికారం లాంటివి తగ్గించడానికే ఆ మాత్ర అన్నారు. దాన్ని ఒంటికి పనికొచ్చే రూపంలోకి మార్చే దారినే మెథోట్రెక్సేట్ మూసేస్తుంది. ఇంత మందు ఒంట్లో చేరాక మాత్ర గుమ్మం బయటే ఆగిపోతుంది. అందుకే ముందే మారిన రూపంలో ఉండే ఫోలినిక్ యాసిడ్‌ను ఇంజెక్షన్‌గా ఇచ్చారు, సెలైన్ పెట్టారు. పేర్లలో ఒక్క అక్షరం తేడా. ఈమె పోతే చంపింది నేనే.

తొమ్మిదో రోజుకు కణాలు పెరగడం మొదలైంది. ఇంటికి పంపేముందు డాక్టరు ఆ మందు ప్రస్తుతానికి ఆపేశామని చెప్పి, రోజూ వేసుకోమని ఎవరు చెప్పారని అడిగారు. నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ అందుకుంది.

"నాకు సదువు రాదు సారూ. సమజ్ గాక నేనే మింగిన. మా కోడలు మంచిగనే చెప్పింది."

పేషెంటుకు చదువు రాక మోతాదు పొరపాటు పడిందని డాక్టరు కేసు షీటులో రాసుకున్నారు. తర్వాత నావైపు తిరిగి, ఇకమీద మందులు ఆమె చేతికివ్వకుండా మీరే చూసుకోండి, టీచరు కదా అన్నారు.

అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను తలూపి, "అలాగే సార్" అన్నాను.