మూడో నంబరు పెట్టె

మాది మాచర్లకి ఎగువన కృష్ణ ఒడ్డు పల్లె. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు ఎండాకాలంలో ఆ ఊరు వదిలి నరసరావుపేట చేరాం. నది అవతల నైజాం రాజ్యం. అక్కడ ఊళ్ళు తగలబడుతున్నాయని పడవల మీద వచ్చేవాళ్ళు చెప్పేవాళ్ళు. ఏటి మీద పొగ కనపడిన రోజున అమ్మీ పొయ్యి వెలిగించేది కాదు, మా ఇంటి పొగ చూసి ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని.

మేం ముసల్మానులం. నైజాం తరఫు వాళ్ళు వచ్చి తమతో కలవమంటారేమోనని ఒక భయం. ఇవతలి వాళ్ళు మేం ఇప్పటికే కలిశామనుకుంటారేమోనని ఇంకో భయం. అబ్బా, మా నాన్న, రెండో దాన్ని గురించి ఎప్పుడూ పైకి అనలేదు. కాని పక్కింటి పెదనాన్న, అంటే మేం వరసపెట్టి పిలిచే మా పొలం గట్టు పక్క రైతు, ఒకరోజు వచ్చి అరుగు మీద కూచుని, "తమ్ముడూ, నీ గురించి నాకు తెలుసు. కొత్తగా దిగిన పోలీసులకి తెలవదు గదా. పిల్లల్ని తీసుకుని కొన్నాళ్ళు పేటకి పో. రెండో బండి నేను తోలతా" అన్నాడు. అబ్బా సరేనన్నాడు.

పేటలో అమ్మీ తమ్ముడు, మా మామూ, దూది ప్రెస్సులో గుమాస్తా. బేళ్ళ మీద నంబర్లు వేసి, ఏ నంబరులో ఏముందో చిట్టాలో రాసుకోవడం ఆయన పని. ఇల్లు సర్దేటప్పుడు కూడా అట్లాగే చేయమని ఉత్తరం రాశాడు. ఒక గది పూర్తిగా సర్దాకే ఇంకో గదిలోకి పోవాలి. పెట్టె మీద నంబరు తప్ప ఇంకేమీ రాయకూడదు. లోపల ఏముందో పైన రాస్తే దొంగకి దారి చూపినట్టే. సరుకు వివరం వేరే కాయితం మీద ఉండాలి. ఆ కాయితం పెట్టెల్లో కాకుండా మనిషి దగ్గర ఉండాలి. మూత వేశాక మళ్ళీ తీస్తే కాయితం కూడా దిద్దాలి.

ఇంట్లో తెలుగు బాగా రాసేది నేనొక్కదాన్నే. బళ్ళో చదువు అప్పుడే మానిపించారు. కాయితం నాలుగు గళ్ళు కొట్టుకున్నాను: పెట్టె నంబరు, ఏ గది, ఏమేం సామాను, ఏ బండి. ముందు వంటగది. రాగి బిందె, దేగిసా, కంచాలు అమ్మీ ఒక్కొక్కటీ పేరు చెప్పి గడ్డిలో చుట్టేది, నేను రాసేదాన్ని. రోలు, తిరగలి, నులకమంచాలు వదిలేసినవాటి కింద వేరే రాశాం. అక్కడికొచ్చేసరికి అమ్మీ గొంతు తగ్గింది. "అన్నీ రాయి. తిరిగొస్తే చూసుకోవచ్చు" అంది.

వసారా గదిలో అబ్బా తుపాకి ఉండేది. అడవి పందులు చేను తొక్కకుండా ఉంచుకున్న ఒంటి గొట్టం తుపాకి, లైసెన్సు ఉన్నదే. దాన్ని ఇంట్లో వదిలేస్తే ఎవరి చేతుల్లో పడుతుందో తెలియదు. భుజాన వేసుకుని ఆ రోడ్డు మీద నడిచే కాలం కాదు. అందుకని మాచర్ల ఠాణాలో చెప్పి, మందుగుండు అక్కడే అప్పగించి, తుపాకిని విడదీసి గోనెలో చుట్టి పొడుగాటి చెక్కపెట్టెలో పెట్టాడు. తుపాకిని మేం ఉండబోయే పేట ఠాణాలో అప్పగించమని అక్కడివాళ్ళు చెప్పారట. నేను రాశాను: మూడు, వసారా గది, తుపాకి ఒకటి, పారలు, కొడవళ్ళు, మోకులు, మొదటి బండి. దాని జోడు పెట్టె, ఒకే వడ్రంగి ఒకే కొలతతో చేసింది, నాలుగోది. అందులో దాదీ, అంటే అబ్బా వాళ్ళమ్మ, గది సామాను: బొంతలు, చీరలు, పోయాక చుట్టడానికి దాదీ తన కోసం దాచుకున్న కఫన్ గుడ్డ, రెండో బండి.

నంబర్లు అబ్బానే తారుతో మూతల మీద వేశాడు. పక్కలకి వేస్తే మోకు రాపిడికి చెరిగిపోతాయన్నాడు.

బయలుదేరే రోజు పొద్దున దాదీ తన తస్బీ, జపమాల, కావాలంది. నాలుగో పెట్టె తీయాల్సొచ్చింది. అదే సమయానికి అబ్బా ఇంకో పాత గోనె కప్పుదామని మూడోది తీశాడు. రెండు మూతలూ వసారాలో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పెదనాన్న ఎద్దుల్ని కట్టి తొందరపెడుతున్నాడు. మేకులు కొట్టేశారు, బళ్ళకెత్తారు.

మొదటి బండిలో అబ్బా, నేను. వెనక పెదనాన్న బండిలో అమ్మీ, దాదీ, చంటి తమ్ముడు. రాత్రికి మాచర్లలో ఆగాం. మర్నాడు గురజాల దాటాక వాళ్ళ ఎద్దు ఒకటి కుంటడం మొదలెట్టింది. మీరు నడవండి, మెల్లగా వస్తామన్నాడు పెదనాన్న. కాసేపటికి వెనక్కి చూస్తే దుమ్ము కూడా కనపడలేదు.

పిడుగురాళ్ళ ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డుకి అడ్డంగా వాసం కట్టి పోలీసులు నిలబడి ఉన్నారు. వాళ్ళ జమేదారు దక్షిణాది మనిషి, తెలుగు అంతంతమాత్రం. ఒక హెడ్డు కానిస్టేబులు మాత్రం ఇటువాడే. అబ్బా అడగకముందే చెప్పాడు.

"అయ్యా, మూడో నంబరు పెట్టెలో తుపాకి ఉంది. లైసెన్సు ఇదిగో. పేట ఠాణాలో ఇవ్వటానికి తీసుకుపోతన్నా."

దాచకుండా చెబితే భయం ఉండదని నాకు దారిలో చెబుతూ వచ్చాడు. జమేదారు లైసెన్సు చూశాడు, తలాడించాడు, పెట్టె దించమన్నాడు. మూత మీద తారుతో మూడు. మేకులు పీకి మూత ఎత్తారు.

లోపల దాదీ బొంతలు.

ఒక్కొక్కటే రోడ్డు మీదకి తీశారు. చీరలు తీశారు. తెల్లటి కఫన్ గుడ్డ మడత విప్పి దులిపారు. అబ్బా చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. పెట్టె అడుగు కనపడింది. తుపాకి లేదు.

జమేదారు ఈసారి గట్టిగానే అడిగాడు. "ఎక్కడ? ఏటి అవతలికి ఇచ్చినావా?"

"లేదయ్యా. నా చేత్తోనే పెట్టా."

అబ్బాని చెట్టు కింద కూచోబెట్టి పక్కన తుపాకీతో ఒకణ్ణి నిలబెట్టారు. మిగతా పెట్టెలన్నీ విప్పించారు. వంటగది సామాను నేల మీద పరిచి ఉంది. నేను బండి చక్రం పట్టుకుని నిలబడ్డాను.

కఫన్ గుడ్డ వైపు చూస్తూ ఉంటే, అది మా బండిలోకి ఎట్లా వచ్చిందా అనిపించింది. జాకెట్టులోంచి కాయితం తీశాను. నాలుగో వరస: దాదీ గది, బొంతలు, చీరలు, కఫన్. రోడ్డు మీద ఉన్నవి సరిగ్గా అవే. అంటే పెట్టెలు మారలేదు, మూతలు మారాయి. మూడు అని ఉన్నది నాలుగో పెట్టె. అది మా బండికెక్కింది. తుపాకి ఉన్న పెట్టె, నాలుగు అన్న మూతతో అమ్మీ బండిలో ఉంది.

ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. అమ్మీకి ఈ సంగతి తెలియదు. దారిలో ఇంకెవరైనా పోలీసులు ఆ బండిని ఆపి తుపాకి ఉందా అని అడిగితే, లేదని ఒట్టు వేసి చెబుతుంది. తర్వాత పెట్టె తీస్తే?

హెడ్డు కానిస్టేబులు దగ్గరికి పోయాను. కాయితం ఆయన ముందు పెట్టాను.

"ఇది ఎవరు రాసింది?" అన్నాడు.

"నేనే. చూడండి, ఇవి నాలుగులో రాసినవి. మూత మాత్రం మూడోది. తుపాకి వెనక బండిలో ఉంది, మా అమ్మకి తెలవదు."

ఆయన గొంతుక్కూచుని కాయితం ఒళ్ళో పెట్టుకున్నాడు. బొంతలు చూసి ఒక టిక్కు, చీరలు చూసి ఒక టిక్కు, పెన్సిలుతో పెడుతూ పోయాడు. తర్వాత వంటగది పెట్టెలు కూడా పోల్చాడు. అవి రాసినట్టే ఉన్నాయి. లేచి జమేదారుతో వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. జమేదారు నన్ను చూశాడు, అబ్బాని చూశాడు. చివరికి ఒకణ్ణి సైకిలు మీద వెనక్కి పంపించాడు.

"బండి రాకపోతేనో, పెట్టెలో లేకపోతేనో మీ నాయన్ని గురజాల తీసుకుపోతారు. నేనేం చేయలేను పాపా" అన్నాడు హెడ్డు, నా వైపు చూడకుండా.

అబ్బా దగ్గరికి పోనివ్వలేదు. ఆయన పెదాలు కదులుతుంటే దువా చదువుతున్నాడని తెలిసింది. సైకిలు మీద పోయినవాడు అమ్మీని ఎట్లా అడుగుతాడో, పెదనాన్న ఏం చెబుతాడో. గుడ్డలన్నీ ఏరి మడతలు పెట్టాను. మడిచినవే మళ్ళీ విప్పి మడిచాను.

పొద్దు వాలేవేళకి కుంటెద్దు బండి కనపడింది. పక్కనే సైకిలు నడిపించుకుంటూ కానిస్టేబులు. అమ్మీ తల కప్పుకుని తమ్ముణ్ణి పట్టుకుని కూచుంది. పెదనాన్న బండి దిగి నేరుగా జమేదారు ముందు నిలబడ్డాడు.

"నా పొలం, వీళ్ళ పొలం ఒకే గట్టు. ఈ మనిషికి పూచీ కావాలంటే నేనుంటా. నన్ను కూచోబెట్టుకోండి" అన్నాడు.

జమేదారు పెట్టె దించమన్నాడు. నాలుగు అన్న మూత తీశారు. పారలు, కొడవళ్ళు, మోకులు, వాటి కింద గోనె మూట. హెడ్డు విప్పి గొట్టం మీద నంబరు చదివాడు, జమేదారు లైసెన్సులో చూశాడు. రెండూ కలిశాయి. అబ్బాని లెమ్మన్నారు. లేచాడు, నిలబడలేక మళ్ళీ కూచున్నాడు. పెదనాన్న చంకల కింద చేతులు వేసి లేపాడు.

తుపాకి అక్కడే ఉంచుకుని రసీదు రాసిచ్చారు. హెడ్డు నా కాయితం తిరిగి ఇచ్చేముందు, "నంబరు మూత మీద ఒక్కదానికే కాదు, పెట్టె ఒంటికి కూడా వేయండి" అన్నాడు.

ఆ రాత్రికి పిడుగురాళ్ళలో ఆగి, మర్నాడు నకరికల్లు మీదుగా పేట చేరాం. మామూ చూసి ఉంచిన ఇంట్లో గదులు తక్కువ. ఆయన కాయితం పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఏ పెట్టె ఏ గదిలోకో చెబుతూ దింపించాడు. అమ్మీ వంటగది పెట్టె విప్పి దేగిసా కడుగుతూ, మామూలు గొంతుతో అంది.

"సైకిలు మనిషి రాకముందే గురజాల ఇవతల గస్తీ పోలీసులు మమ్మల్ని కూడా ఆపారు. తుపాకులు ఉన్నాయా అన్నారు. అల్లా మీద ఒట్టు, మా బండిలో లేవన్నా. నాలుగోది విప్పుదామని మేకు కింద బాయినెట్టు మొన కూడా పెట్టారు. అంతలో అత్తకి దగ్గు తెర వచ్చి ఊపిరి ఆడలేదు. ముసలామెకి ఏమన్నా అయితే మన మీదకొస్తదని పొమ్మన్నారు."

అబ్బా చేతిలో నీళ్ళ చెంబు కింద పెట్టి పెరట్లోకి పోయాడు. దాదీ మాత్రం కిటికీ పక్కన పడుకుని, తన దగ్గు మాట వినగానే అబ్బా ఎందుకు లేచిపోయాడో అర్థంకాక మమ్మల్నే చూస్తూ ఉంది.