పురుగును చంపకు, పక్కకు నెట్టు

మోత్కూర్ బజారులోని నా స్నేహితుడి దర్జీ దుకాణంలో నాకొక స్టూలు ఉండేది. సాయంత్రం అయ్యిందంటే దాని మీద నేను, కుట్టుమిషను ముందు అతను, మధ్యన కత్తిరింపుల బల్ల మీద చదరంగం. ఒకరోజు వెళ్లేసరికి ఆ స్టూలు మీద కుట్టాల్సిన బట్టలు పేర్చి ఉన్నాయి.

కారణం తెలుసు. ముందురోజు ఆటలో అతను వజీరు మీద చెయ్యి వేసి, ఆలోచించి, వెనక్కి తీసుకున్నాడు. ముట్టుకున్న పావును కదపాల్సిందేనని నేను పట్టుబట్టాను. ఆ నియమం గ్రంథాలయంలో చదరంగం పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివి సంపాదించుకున్నది, ఊరికే వదిలేస్తానా? అతను కదిపాడు, వజీరు పోయింది, వజీరుతో పాటు నా స్టూలూ పోయింది.

"జాగా లేదు భాయ్," అన్నాడు తలెత్తకుండా. "పెండ్లిళ్ల సీజన్. నువ్వు పోయి పుస్తకంతోనే ఆడుకో."

నేను గుమ్మం పక్కనే నిలబడ్డాను. నల్లగొండలో డిగ్రీ చదువుతున్న అతని కూతురు సెలవులకు వచ్చి, లోపల గుండీలు కుడుతోంది. మా ఇద్దరి మొహాలు చూసి నవ్వింది.

"చాచా, మీకు చదరంగం అసొంటిదే ఇంకో ఆట సూపిస్త. ఇంకా లోతుగుంటది గానీ గింత కొట్లాట ఉండది. మీరిద్దరు ఒక్క దిక్కే."

"ఈయనతోని ఒక్క దిక్కా?" అన్నాడు స్నేహితుడు. కానీ చేతిలో కత్తెర ఆగింది.

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది. ఎనిమిది గళ్లు అడ్డం, ఎనిమిది గళ్లు నిలువు! నాకు సొంతింటికి వచ్చినట్టయింది. మనవి మూడు యంత్రాలు, ఎదుటివి పెద్ద పెద్ద పురుగులు, మధ్యలో ఇళ్లు. మన వంతు ముగిసిందని మీట నొక్కేదాకా ఎదుటివి వాటంతట అవి కదలవు. అంతకంటే విచిత్రం, పురుగు ఏ గడిని కొట్టబోతోందో ముందే గుర్తు పెట్టి చూపిస్తుంది.

"ఎదుటోడు ఏం చేస్తడో ముందే చెప్తడా?" అన్నాను. "ఇదేం ఆట?"

"నువ్వు చెప్పవు గదా, అందుకే కొత్తగుంది," అన్నాడు అతను. మాట కలిసింది గానీ స్టూలు మీది బట్టలు కదల్లేదు.

ఇక మేము చదరంగం ఆడేవాళ్లలాగే ఆడాం. దొరికిన పురుగునల్లా చంపాం. నేను మూడింటిని పడగొట్టి మీసం సర్దుకునేలోపు మిగతావి ఇళ్లు కూల్చాయి. ఇల్లు కూలినప్పుడల్లా తెర పైన ఉన్న కరెంటు పట్టీ తగ్గింది, అది ఖాళీ కాగానే ఆట ముగిసింది.

"చంపుడు కాదు చాచా. ఇండ్లు కాపాడాలె. కొన్ని వంతులు నిలబడితే అవే పోతయి. చంపరాకుంటే పక్కకు నెట్టు."

రెండో ఆటలో స్నేహితుడు ఒక పురుగును ఒక గడి పక్కకు నెట్టాడు. ఇంటిని కొట్టాల్సిన దెబ్బ ఇంకో పురుగుకు తగిలింది. అతను బల్ల చరిచి నవ్వాడు. "సూసినవా లైబ్రరీ సాబ్! పురుగుతోని పురుగును కొట్టిచ్చిన!"

ఆ ఉత్సాహంలో నా వంతున నేనూ ఒకదాన్ని నెట్టాను. దాని గుర్తు తిన్నగా వెళ్లి ఇంటి మీద పడింది. పట్టీలో మిగిలింది ఒక్క గీతే. ఆ ఇల్లు కూలితే ఆట మళ్లీ పోయినట్టే. యంత్రాన్ని ఊరికే జరిపి ఉంటే వెనక్కి తీసుకోవచ్చు. దెబ్బ వేశాక కుదరదు.

ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. అంటే వాళ్లు కూర్చున్నారు, నేను నిలబడే ఉన్నాను.

"ఇంకా మీట నొక్కలే గదా," అంది ఆమె. "గీ మూల ఇంకో మీట సూడు. ఒక్కో లడాయికి ఒక్కసారి ఆ వంతు మొత్తం మళ్లా మొదటికెళ్లి ఆడుకోవచ్చు."

నా వేలు ఆ మూలకు పోయింది, ఆగింది.

స్నేహితుడు మిషను మీదికి వంగి, ఎంతో మర్యాదగా అడిగాడు. "ముట్టుకున్నవు గదా సాబ్? మరి పుస్తకంల ఏం రాసిండ్రు?"

ఆ మూల మీటే నొక్కాను. యంత్రాలన్నీ ఏమీ జరగనట్టు మొదటి గళ్లకు వచ్చి నిలబడ్డాయి. ఈసారి పురుగును ఇంకో వైపు నుంచి నెట్టాను. ఇల్లు నిలిచింది. వంతులు గడిచి, మిగిలిన పురుగులు వెళ్లిపోయాయి.

అతను లేచి, అస్తరు గుడ్డల వెనక దాచిన చదరంగం బల్ల తీశాడు. స్టూలు మీది బట్టలు కూతురి ఒళ్లో పెట్టాడు.

"కూసో. ఇగ మీద మన దగ్గర గూడ గదే రూలు. ఒక్కో ఆటకు ఒక్కసారి వాపస్. మంజూరా?"

"మంజూర్," అన్నాను. స్టూలు ఎప్పటిలాగే ఒక కాలు మీద ఊగింది.

ఆ సాయంత్రం మొదటి వాపస్ ఎవరు అడిగారో ఆ దుకాణంలో ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉంటారు. గుర్రాన్ని ఎక్కడ పెట్టానో చూసుకోలేదు, అంతే. పుస్తకాలు చదివినవాడికి కూడా జరుగుతుంటుంది.