అయిదో మాట

సార్ పోయారని శుక్రవారం పొద్దున అమ్మ ఫోన్ చేసింది. సార్ భార్యను నేను అమ్మా అనే పిలుస్తాను. "మీ సార్ పోయిండు బిడ్డా" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. అయ్యో అనడానికి కూడా నాకు సందు దొరకలేదు.

సుబేదారిలో సార్ ఇంటి వరండాలో ఆదివారం ఆదివారం పాట రాయడం నేర్పేవారు. నేను పదకొండేళ్లు వెళ్లాను. పద్ధతి ఒక్కటే. అయిదు మాటలు ఇస్తారు, అయిదూ పాటలో ఉండాలి. ఆ మాటలు ఆయన ఏరేవారు కాదు, దారిన పోయేవాళ్లను అడిగేవారు. కూరగాయలమ్మ సొరకాయ అంది. కేసముద్రం మార్కెట్‌లో పత్తి అమ్మి వస్తున్న రైతు, పత్తి తడిగా ఉందని ధర కోసేసిన కోపంలో కాబోలు, తేమ అన్నాడు. "మనమే ఏరుకుంటే మనకు తెల్సిన పాటనే వస్తది" అనేవారు సార్.

షరతులు గట్టివి. మాటకు చివర లో, కి, తో చేర్చుకోవచ్చు గానీ దాని బదులు అదే అర్థమున్న ఇంకో మాట పెట్టకూడదు. ఒకే పాదంలో అన్నీ కుక్కకూడదు. ముందు బల్ల మీద దరువు వేసేవారు, ప్రతి మాటా ఆ దెబ్బల్లో పడాలి. రాసి తెస్తే ఒక్కో మాటను బొటనవేలితో మూసి మిగతాది పాడేవారు. అది లేకుండానే పాట నిలబడితే, "ఇది చుట్టం లెక్క వచ్చి కూసున్నది, ఇంటిమనిషి కాదు" అని కాగితం తిరిగి ఇచ్చేవారు. నావి ఎన్ని తిరిగొచ్చాయో చెప్పుకుంటే సిగ్గు.

మొన్న ఎండాకాలం దవాఖానలో ఇంక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, సార్‌కీ తెలుసు. అయినా ఎవరూ నోరెత్తరు. సార్ ఎప్పుడు ఎత్తబోయినా అమ్మ, "నీకేంగాదు, గా మాట అనకు" అని వంటింట్లోకి వెళ్లిపోయేది. చూడటానికి వచ్చినవాళ్లం కూడా "జర ఓపిక పట్టండి సార్, మంచిగైతది" అనేవాళ్లం. నేనూ అన్నాను.

ఒక ఆదివారం ఆయన మొదటిసారి మాటలు తానే ఇచ్చారు: కిటికీ, రేపు, చాయ్, చెప్పులు, చావు. మంచం పట్టె మీద వేలితో దరువు వేశారు. మూడు, నాలుగు, మూడు, నాలుగు.

పై ఆదివారం నాలుగు పాదాలు పట్టుకెళ్లాను. చివరిది "నిద్ర వచ్చెను దీపమార్పవె". నిద్ర, చావు రెండూ మూడేసి మాత్రలే, దరువుకు తేడా తెలియదు. సార్ చదివి నిద్ర మీద వేలు పెట్టారు.

"తూకం సరిపోయింది బిడ్డా. మాటనే సరిపోలే. నాలుగే ఉన్నయి."

"రాయలేకపోయిన సార్."

"ఈ ఇంట్ల ఒక్కరన్న ఆ మాట అనాలె. నేనంటే వింటలేరు. పాటల వస్తె వింటరేమో."

తల ఊపి వచ్చేశాను. మళ్లీ రెండు ఆదివారాలు ఆఫీసు పని ఉందని ఫోన్ చేసి చెప్పాను. అబద్ధం. చచ్చేంత భయం వేసింది, అంతే. చివరికి ఒక మంగళవారం కూర్చుని చావు అని రాస్తే, ఆ ఒక్క మాట తక్కిన పాదాలను ఊరుకోనివ్వలేదు. రెండో పాదంలో "మంచి చాయ్ చెయి" అని ఉన్నది అబద్ధంలా కనబడి మార్చాల్సి వచ్చింది. బుధవారం వెళ్లి, అమ్మ వంటింట్లో ఉండగా గొంతు పెంచి పాడాను:

పక్క కిటికీ తెరిచి ఉంచవె
రేపు పొద్దున ఒకటె చాయ్ చెయి
బయటి చెప్పులు లోన దాచవె
చావు ముచ్చట నాతొ పెట్టవె

సార్ ఈసారి దేని మీదా వేలు పెట్టలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ వచ్చి నన్ను ఒక చూపు చూసింది. తిడుతుందనుకున్నాను. కొంగుతో చేతులు తుడుచుకుని సార్ పక్కన కూర్చుంది.

"నిన్ను యాడికి తీస్కపోవాలె? ఊరికా, ఈడనేనా?"

"ఊరికే. మన చెల్కల, మా నాయిన పక్కన."

"నేనొక్కదాన్ని ఎట్లుండాలె మరి?"

నేను లేచి వచ్చేశాను. ఆ జవాబు నేను వినేది కాదు.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి వాళ్ల ఊళ్లో, ఆయన చెప్పిన మెట్ట చేలోనే, అంతా జరిగింది. ఎక్కడ అని ఎవరూ ఎవరినీ అడగలేదు. అది పాట పుణ్యమని చుట్టాలెవరో నన్ను మెచ్చుకుంటే తల వంచుకున్నాను. మీలో ఎవరి ఇంట్లోనైనా ఇలా ఒక మాట ఆగిపోయి ఉంటే, నాలాగా వాయిదా వేయకండి.

పదో రోజు దాటాక వెళ్లాను. అమ్మ అంది: "రెండు దినాలు మాట్లాడుకున్నం బిడ్డా. అన్నేండ్లల్ల ఎన్నడు గట్ల మాట్లాడలే. గని ముచ్చట ఒడవలే."

ఆ తీరని ముచ్చటకు ఇంకో రెండున్నర వారాలు ఉండేవి. నేను తినేశాను. ఆ మాట ఆమెతో చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు, ఇక్కడ మీతో చెబుతున్నాను.

వెళ్లొస్తానని చెప్పి చెప్పులు వేసుకుని వెనక్కి చూశాను. పరుపు తీసేసిన మంచం మీద అమ్మ ఒక అంచుకు జరిగి, పక్కన మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చుంది. అటే తిరిగి, మెల్లగా, ఏదో అడుగుతోంది.