చౌడు పద్దు

కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్లూ మా ఊళ్లో గొడ్ల కొట్టానికి కూడా అద్దె పలికింది. కోస్తా నుంచి వచ్చిపడిన గుమాస్తాల దగ్గర అడ్వాన్సు గుంజుకుని, పోయేటప్పుడు మేకు కొట్టారని, సున్నం మాసిందని సాకులు చెప్పి మింగేసిన పెద్దమనుషుల పేర్లు నాకు తెలుసు. ఇప్పుడు చెప్పి ఏం లాభం! వాళ్లలో మా పక్కింటి హనుమమ్మ మాత్రం లేదు.

హనుమమ్మ భర్త పోయిన మనిషి. ముందువైపు రెండు గదుల మిద్దె అద్దెకిచ్చి బతికేది. ఒకసారి అడ్వాన్సు తగాదా కోర్టు దాకా పోయి, నోటిమాటను ఎవరూ నమ్మరని తెలిసొచ్చాక ఒక పద్ధతి పెట్టుకుంది. అద్దెకు దిగే రోజు స్టూడియో శేషన్నను పిలిపించి గదులు, వంటిల్లు, మిద్దె పైన అంతా ఫోటోలు తీయించేది. ఖాళీ చేసే రోజు అవే చోట్ల మళ్లీ తీయించేది. ఖర్చు చెరి సగం. "పెండ్లికి కూడా ఫోటో తీయించుకోనిది గోడలకు తీయిస్తాండాది" అని వీధంతా నవ్వింది.

యాభై మూడులో ఆ ఇంట్లో దిగింది గుంటూరు వైపు గుమాస్తా, అతని భార్య విశ్వాసమ్మ. వాళ్లకు కొడుకు ఆ ఇంట్లోనే పుట్టాడు. ఆ ఇంట్లోనే జబ్బుపడ్డాడు.

మా మిద్దెల మీద చౌడు పరుస్తాం. ఆ మట్టి నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందు కొత్తది పోయించాలి, అది ఇల్లు అద్దెకిచ్చినవాళ్ల పని. కోస్తా మనిషికి ఈ సంగతి ఎవరు చెప్పారు గనక? యాభై ఆరు ఎండాకాలంలో వడియాలు పెట్టుకుందామని మిద్దెక్కిన విశ్వాసమ్మ, తెల్లగా పొడిపొడిగా ఉన్న చౌడును దుమ్మనుకుని శుభ్రంగా ఊడ్చి పారబోసింది. హనుమమ్మ చూసి లబోదిబోమంది.

"ఏం పని చేసినావమ్మా! కురిస్తే కారేది మీ నెత్తినే గదా!"

ముందు రెండేళ్లూ వానలు అంతంతమాత్రమే. ఆ శ్రావణంలో మాత్రం ముసురు పట్టింది. పడకగది మూల ధార కట్టింది. ఏడాది నిండిన బిడ్డకు జ్వరం తగిలి, ఊపిరి ఆడక, ఆసుపత్రికి తీసుకుపోయినా దక్కలేదు. "నా చేత్తో నేనే ఊడ్చుకున్నాను" అని విశ్వాసమ్మ గోడకు తల కొట్టుకుంది. కాదన్నవాళ్లు లేరు. హనుమమ్మ కూడా ఊరుకుంది.

కార్తీకంలో రాజధాని మారి కచేరీలన్నీ హైదరాబాదుకు కదిలాయి. అక్కడ ఇంకో ఇంటికి కట్టాలంటే ఈ అడ్వాన్సు నూట ఇరవై రూపాయలే వాళ్లకు దిక్కు. హనుమమ్మ పంచలో చాప పరిచి పాత ఫోటోలు, కొత్త ఫోటోలు జతలుగా పెట్టింది. ఆమె చెప్తుంటే శేషన్న రాశాడు. నేనక్కడే ఉన్నాను.

"సున్నం మాసింది. మూడేండ్లకు యా గోడైనా మాస్తాది, రాయొద్దు. వంటింట్లో మసి, పొయ్యి ఉంటే మసి ఉండదా? రాయొద్దు. గడప అరిగింది, నడిస్తే అరుగుతాది. ఈ కడప బండ మాత్రం కారం దంచి పగలగొట్టినారు. పాత ఫోటోలో బాగుండాది చూడు. బండకు నాలుగు, బేల్దారి కూలి రెండున్నర, ఇదిగో రసీదు. అల్మారా గడియ ఊడపీకినారు, దానికి రూపాయి."

గుమాస్తా తల ఊపాడు. విశ్వాసమ్మ నోరు విప్పింది.

"చౌడు కూడా రాయండమ్మా. అది నేను చేసిందే."

ముసురు వెలిశాక పోయించిన కొత్త చౌడు బండ్లకు, కూలికి ముప్పై ఎనిమిది రూపాయల రసీదు హనుమమ్మ చేతిలో సిద్ధంగానే ఉంది. శేషన్న మిద్దె ఫోటోల జత తీసి చూసి, ఆగాడు.

"అక్కా, పాతదాంట్లో ఈ మూల చూడు."

పడకగది మీది మూల అది. వాళ్లు దిగిన రోజుకే అక్కడ చౌడు కొట్టుకుపోయి బండలు తేలి ఉన్నాయి. సందుల్లో గడ్డి మొలిచింది. ఆ తర్వాత ఆ ముసురు పట్టేదాకా హనుమమ్మ పిడికెడు చౌడు పోయించలేదు. అద్దె వస్తోంది కదా, వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంది.

దాచాలనుకుంటే దాచొచ్చు. శేషన్న ఆమె మనిషే. హనుమమ్మ ఫోటోను వెలుతురుకు పట్టి చూసి, చేతిలోని రసీదు మడిచి కొంగున కట్టుకుంది.

"రాయొద్దు శేషన్నా. కారింది ఈ మూలనే. ఈ అమ్మి ఊడవకున్నా కారుతుండె. ఇది నా వంతు."

నూట పన్నెండున్నర లెక్కపెట్టి చాప మీద పెట్టింది. శభాష్ అనుకున్నాను, నా బుద్ధి మండ! ఆ తర్వాతే ఆ తల్లి ముఖం చూశాను.

విశ్వాసమ్మ డబ్బు ముట్టుకోలేదు. ఫోటో అందుకుంది.

"ఇది మూడేళ్లూ మీ దగ్గరే ఉందా?"

"ఉండాది తల్లీ."

"నేను గోడకు తల కొట్టుకున్న రోజున కూడా?"

"నేను చూడలేదు తల్లీ."

"చూడలేదా, చూడబుద్ధి కాలేదా?"

హనుమమ్మ చాప మీది మిగతా ఫోటోలు ఏరసాగింది. గుమాస్తా డబ్బు తీసుకుని, భార్యను భుజం పట్టుకుని లేపాడు.