వెలుతురు నడుము

మదనపల్లె కంటి ఆసుపత్రిలో లేజరు గది నా పని. కుప్పంలో కళ్ళ పరీక్షల చదువు పూర్తిచేసి, పుంగనూరు నుంచి రోజూ బస్సులో వస్తుండేదాన్ని. రోగులకు కంటి చుక్కలు వేయడం, గడ్డం ఆనించే చోట సరిగ్గా కూర్చోబెట్టడం, డాక్టరమ్మ అడిగింది అందించడం. మాట్లాడాల్సిన పని తక్కువని ఆ గదిని నేనే అడిగి తీసుకున్నాను.

ఆ రోజు వచ్చినావిడ టమోటా మార్కెట్లో కాయలు వేరుచేసే అవ్వ. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది. మిగిలిన కంటికి శుక్లం తీయించి లెన్సు పెట్టించుకుంది. ఇప్పుడు ఆ లెన్సు వెనక పొర మసకబారింది. లేజరుతో పొరలో కిటికీలా చిన్న రంధ్రం చేస్తే చూపు వస్తుంది. చేయించుకోకపోతే దోరకాయకూ పండుకూ తేడా తెలియదు, మండీలో పని ఉండదు. ఆవిడ బెంగంతా అదే.

కంటి మీద పెట్టే అద్దం తీసి తుడుస్తున్నాను. "ఇది పెడితే వెలుతురు ఇంకా వెడల్పుగా లోపలికి వస్తుంది" అని డాక్టరమ్మ చెప్పగానే అవ్వ లేచి నిలబడింది.

"వెడల్పుగా వద్దమ్మా. సన్నంగా, మెల్లగా కొట్టు. ఉండేది ఒకటే కన్ను."

"సన్నంగా కొడితేనే ప్రమాదం అవ్వా," అంది డాక్టరమ్మ.

"నన్ను ఎర్రిదాన్ని సేస్తాండారా? సూది సన్నంగా ఉంటే నొప్పి తక్కువ. దబ్బనం అయితే ఎక్కువ. ఇంతేగదా."

డాక్టరమ్మ గడియారం చూసింది. బయట బెంచీ నిండా జనం. "వద్దంటే ఇంటికి పంపించెయ్" అని నాతో మెల్లగా అంది. అవ్వ చేతిసంచి అప్పటికే సర్దుకుంటోంది.

అడగని మాటలు చెప్పడం నాకు రాదు. అయినా ఆవిడ మెట్లు దిగితే మళ్ళీ రాదు.

"అవ్వా, నీకు భయం యాడ?" అన్నాను.

"ఆ పొరను దాటి ఆ వెలుతురు యాడికి పోతాది పాపా? కంటి వెనక్కేగదా."

అది సరైన ప్రశ్న. కుప్పంలో మా సారు బోర్డు మీద గీసింది గుర్తొచ్చింది. లెన్సులోంచి వచ్చిన లేజరు చుక్కగా ఎప్పటికీ మారదు. సన్నబడుతూ వచ్చి, ఒకచోట నడుము కట్టి, మళ్ళీ విచ్చుకుంటుంది. నడుము ఎంత సన్నమైతే, అది సన్నంగా నిలిచే దూరం అంత తక్కువ, ఆ తర్వాత విచ్చుకోవడం అంత ఎక్కువ. వెడల్పుగా వచ్చి గట్టిగా కలిసే వెలుతురుకే నడుము అంత సన్నంగా వస్తుంది.

డాక్టరమ్మను బతిమాలాను. మిషన్ పరీక్షకు వాడే నల్ల కాగితం బిగించాను. అవ్వకు రక్షణ అద్దాలు పెట్టి, మిషన్‌కు పక్కగా నిలబెట్టాను. డాక్టరమ్మ ఒక దెబ్బ కొట్టింది. 'టక్' మంది. కాగితం మీద చీమ కన్నంత తెల్ల చుక్క.

"ఇది పొర ఉండే చోటు," అన్నాను. తర్వాత ఆ చుక్క తప్పుకునేలా కాగితాన్ని కాస్త పక్కకు, ఒక బొటనవేలి వెడల్పు వెనక్కి జరిపాను. "ఇది కంటి వెనక గోడ ఉండే చోటు." అదే వెలుతురు, అదే బలం. మళ్ళీ దెబ్బ. కాగితాన్ని ఆవిడ చేతికిచ్చాను.

కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. గోటితో గీకింది. "ఈడ ఏమీ లేదే."

"ఆడికి పోయేసరికి పలచగా పరుచుకుంటాది అవ్వా. దెబ్బకు బలం అది సన్నబడే నడుము దగ్గరే. ఆ అద్దం పెడితే ఇంకా బాగా కలుస్తాది, వెనక ఇంకా పలచనైతాది. నువ్వడిగినట్టు సన్నంగా పంపిస్తే నడుము పొడుగైపోయి, వెనక కూడా చిక్కగానే ఉంటాది. పొర చిరగాలంటే బలం కూడా ఎక్కువ పెట్టాల."

"మళ్ళా ఒగసారి కొట్టించు," అంది. కాగితం కదలకుండా తానే చూసుకుంది. ఈసారీ దానిమీద మచ్చ పడలేదు.

"ఇంత మాట తెలిసి ఇంతసేపు మూగిదాని మాదిరి యాల నిలబడితివి పాపా?" అంటూ కుర్చీలో కూర్చుంది. డాక్టరమ్మ నవ్వాపుకుంది.

ఆవిడ తల వెనక నుంచి పట్టుకున్నాను. అద్దం కంటిమీద ఆనింది. టక్, టక్ మన్నప్పుడల్లా ఆవిడ వేళ్ళు నా చున్నీ కొసను గట్టిగా పట్టుకున్నాయి. పొర కొంచెం కొంచెంగా విడిపోయింది. కంటి ఒత్తిడి చూసి, చుక్కల మందు రాసిచ్చి పంపాము.

వారం తర్వాత పరీక్షకు వచ్చింది. గడ్డం ఆనించమన్నాను. ఆనించకుండా, ఆ రోజు తాను పట్టుకున్న నా చున్నీ వైపే చూస్తూ నిలబడింది.

"ఆ పొద్దు ఇది పండు రంగనుకుంటిని," అంది. "కాదు. ఇది దోర. మూడు దినాలు ఆగితే బెంగళూరు లారీకి సరిపోతాది."