ఐదు నెలలు తక్కువైన అమ్మ

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువే. కాదని ఎప్పుడన్నాను? కానీ ఆ సంవత్సరం నాకొచ్చిన కోపం వేరు. దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక గిన్నెల మీద, తలుపుల మీద, పాపం మా తమ్ముడి మీద చూపించాను.

మా అక్క ప్రసవమైన పది రోజులకే జ్వరంతో పోయింది. గుడ్డలో చుట్టిన పిల్లాణ్ని తెచ్చి మా అమ్మ నా ఒళ్లో వేసింది. బావ ఏడాది తిరక్కుండా మళ్లీ పెళ్లి చేసుకుని దుబాయ్ వెళ్లిపోయాడు. ఆయన్ని తప్పు పట్టను. తల్లిలేని పసిగుడ్డుతో ఆయన మాత్రం ఏం చేస్తాడు? పిల్లాడు మాత్రం నాకు మిగిలాడు. పాలడబ్బా నుంచి పలక దాకా అన్నీ నేనే. వాడికి మాట వచ్చినప్పుడు నన్ను చిన్నమ్మ అనమని మా అమ్మ నేర్పితే, వాడు 'చిన్న' తీసేసి అమ్మ అన్నాడు. అదే ఉండిపోయింది. నాకు సంబంధాలు రాకపోలేదు. వచ్చినవాళ్లంతా పిల్లాణ్ని మీ అమ్మ దగ్గర వదిలి రమ్మన్నారు. పొమ్మన్నాను.

తొంభై ఎనిమిదిలో మేం కొత్తగూడలో కిరాయికి ఉండేవాళ్లం. మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య అద్దాల మేడలు లేస్తున్న రోజులు. అలాంటి ఒక మేడలో కొత్తగా పెట్టిన కంపెనీలో నాకు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ పని దొరికింది. పిల్లాడికి పదేళ్లు. తమ్ముడు అదే కంపెనీ వాళ్లకు కారు నడిపేవాడు. వాడికి ఇరవై నాలుగు.

ఆ ఎండాకాలంలో బావ సెలవు మీద వచ్చాడు. ఆయన వెంట వాళ్ల అన్న కూడా వచ్చాడు. ఆ పెద్దమనిషి మేస్త్రీ. పాలమూరు నుంచి కూలీలను తెచ్చి మదీనాగూడ వైపు అపార్ట్‌మెంట్ల పనికి పెట్టేవాడు. మా ఇంట్లో చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టకముందే మాట మొదలుపెట్టాడు.

"పోరడు ఎదిగిండు. ఇంక ఆడోళ్ల కొంగు పట్టుకొని తిరుగుడేంది? మా ఇంటి పోరడు, మా ఎంబడి వస్తడు. సైట్ల పని నేర్పిస్త."

"ఐదో తరగతి చదువుతున్నడు వాడు" అన్నాను.

"చదివినోళ్లంత ఏం చేస్తున్నరో సూస్తలేమా?" అని నవ్వాడు.

నా ఒళ్లు భగ్గుమంది. చేతిలో చీపురు లేకపోవడం ఆయన అదృష్టం. బావ మాత్రం తల వంచుకుని కూర్చున్నాడు. అన్న వాకిట్లోకి వెళ్లాక మెల్లిగా చెప్పాడు. "మా అన్నకు నేను ఎదురుచెప్పలేను. నేను పోయినంక ఆయన ఊకోడు. పోరడు నీ దగ్గర్నే ఉండాల్నంటే నువ్వు దత్తత తీస్కో. నేను ఇస్త. వచ్చే నెల పోయేటోన్ని, ఆలోపల్నే కానియ్యి."

ఆ మాటకు నాకు కాళ్లు భూమ్మీద నిలవలేదు. ఇన్నేళ్లూ నాకు తట్టనే లేదు. నా పిల్లాణ్ని నా పిల్లాడని ఇంకొకరి ముందు రుజువు చేసుకోవాల్సిన రోజు వస్తుందని ఎవరనుకుంటారు?

మా కంపెనీలో అకౌంట్స్ చూసే ఆయన చెబితే కూకట్‌పల్లిలో ఒక లాయర్ దగ్గరికి వెళ్లాం. నేను, బావ, తమ్ముడు, మేం బాపు అని పిలిచే మా నాన్న. లాయర్‌ది కృష్ణా జిల్లా. చాలా మర్యాదస్తుడు. ఆ మర్యాదే తర్వాత నాకు మరీ మంట పుట్టించింది. ఆయన అన్నీ ఒక్కొక్కటే అడిగాడు. పెళ్లి కాలేదు, మేజర్‌ని, కడుపున పుట్టిన కొడుకు లేడు. పెళ్లి కాని ఆడమనిషి దత్తత తీసుకోవచ్చన్నాడు. పిల్లాడికి పదిహేను నిండలేదు, తల్లి లేదు, తండ్రి ఇష్టపడి ఇస్తున్నాడు. అన్నీ బాగున్నాయన్నాడు.

"ఇక వయసు తేడా ఒక్కటి చూడాలండి. ఆడవాళ్లు మగపిల్లాణ్ని దత్తత తీసుకుంటే, ఆవిడ పిల్లాడికన్నా కనీసం ఇరవై ఒక్కేళ్లు పెద్దదై ఉండాలి. మీ పదో తరగతి సర్టిఫికెట్ ఇవ్వండి."

ఇచ్చాను. అందులో నేను పుట్టిన సంవత్సరం అరవై ఏడు. పిల్లాడిది ఎనభై ఎనిమిది. "ఇరవై ఒకటి. సరిపోయిందండి" అని ఆయనే అన్నాడు. నేను తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అంతలో ఆయన కళ్లజోడు సర్దుకుని నెలలు చూశాడు. నాది జూన్. వాడిది జనవరి.

"అయ్యో, లేదండి. సంవత్సరంలోంచి సంవత్సరం తీసేస్తే కుదరదు. పుట్టినరోజు నుంచి పుట్టినరోజుకు నిండా ఇరవై ఒక్కేళ్లు గడవాలి. వాడు పుట్టిన రోజుకు మీకు ఇరవై ఏళ్ల ఏడు నెలలు. ఐదు నెలలు తక్కువ."

బాపు వెంటనే అందుకున్నాడు. "గంతేనా సార్? ఐదు నెల్లు ఆగుతం. దానికేముంది?"

"ఎన్నాళ్లు ఆగినా అంతేనండి. ఈవిడ వయసుతోపాటు వాడి వయసూ పెరుగుతుంది కదా. తేడా మారదు."

అప్పుడు నాకు వెలిగింది. నేను అరవై ఏడులో పుట్టలేదు! అరవై ఐదులో దసరా వెళ్లిన వారానికి పుట్టాను. మా అమ్మ వెయ్యిసార్లు చెప్పింది. నన్ను బడిలో వేసినప్పుడు సార్ వయసు అడిగితే, బాపు రెండేళ్లు తగ్గించి రాయించాడు. ఆయనొక్కడే కాదు, మా ఊళ్లో అందరూ అంతే. తగ్గిస్తే రేపు సర్కారు కొలువుకు వయసు దాటిపోదని. నెల తెలియకపోతే బళ్లు తెరిచే జూన్ వేసేవాళ్లు. మా తరగతిలో సగం మందిమి జూన్‌లోనే పుట్టాం!

"బాపూ, నువ్వు చెప్పు సార్‌కు!" అని అరిచాను.

బాపు చెప్పాడు. లాయర్ ఓపిగ్గా విన్నాడు. "మీరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చండి. నిజమైన వయసే లెక్క. కానీ అది రుజువు కావాలి. పుట్టినప్పుడు ఊళ్లో రాయించారా?"

రాయించలేదు. ఆడపిల్ల పుడితే పరుగెత్తుకెళ్లి రాయించేవాడెవడు?

"మరి సర్టిఫికెట్ తప్పని తేల్చాలంటే సివిల్ కోర్టులో దావా వెయ్యాలి. ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేను. అది తేలకుండా దత్తత రాసుకుంటే రిజిస్ట్రేషన్ అయితే కావచ్చు. కానీ రేపు ఆ పెదనాన్నగారు కోర్టుకెళ్లి ఇదే సర్టిఫికెట్ చూపిస్తే, తేడా చాలలేదని తేలితే, దత్తత చెల్లదు. రిజిస్టర్ అయిన దస్తావేజు కూడా నిలబడదండి."

దావా తేలేదాకా బావ ఉండడు. ఆయన విమానం ఎక్కిన మర్నాడే మేస్త్రీ మా వాకిట్లో ఉంటాడు. నేను బల్ల మీద చరిచి అడిగాను. "అసలు ఈ ఇరవై ఒక్కేండ్ల కిరికిరి ఎందుకు సార్?"

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "ఆడవాళ్లు మగపిల్లాణ్ని తీసుకున్నా, మగవాళ్లు ఆడపిల్లను తీసుకున్నా ఈ షరతు ఉందండి. అదే మీరు అమ్మాయిని తీసుకునుంటే అసలు తేడాయే అక్కర్లేదు."

కొంచెం ఆలస్యంగా అర్థమైంది నాకు. అర్థమయ్యాక చెవుల్లోంచి పొగలొచ్చాయి. అంటే, వాడు మగ, నేను ఆడ అనా? వాడి ముడ్డి కడిగిన చేతులివి. ఆటలమ్మ పోసినప్పుడు వాడి పక్కన వేపాకులేసుకుని పడుకున్నదాన్ని. నా మీద ఎవరికి ఏం అనుమానం? ఎవడు కూర్చుని రాశాడు దీన్ని? వాడి ఇంట్లో అక్కాచెల్లెళ్లు లేరా? ఇదంతా అక్కడే అనేశాను. లాయర్ మంచినీళ్లు తెప్పించాడు. తాగలేదు.

ఆయన ఆగి, తమ్ముడి వైపు చూశాడు. "ఒక దారి ఉందండి. మగవాడు మగపిల్లాణ్ని తీసుకుంటే వయసు తేడా షరతు లేదు. మీ తమ్ముడు మేజర్, పిల్లల్లేరు. ఆయన తీసుకుంటే ఎవరూ కదపలేరు. ఒకసారి చెల్లిన దత్తతను కన్నతండ్రి కూడా రద్దు చెయ్యలేడు."

గదిలో అందరి ముఖాలూ వికసించాయి. నాకు మాత్రం ఎవరో లాగి చెంప మీద కొట్టినట్టయింది. పద్నాలుగేళ్ల తేడా ఉన్నవాడు తండ్రి కావచ్చట! పిల్లాడు పుట్టినప్పుడు తమ్ముడు గోటీలాడుకుంటున్నాడు. పిల్లాడి చెడ్డీ ఎన్నడూ మార్చినవాడు కాదు. తమ్ముడికి ఒక్క షరతూ లేదు. నాకు ఐదు నెలలు అడ్డం!

"రేపు వీనికి పెండ్లయితే?" అని అడిగాను.

"వచ్చే అమ్మాయి పిల్లాడికి సవతితల్లి అవుతుందండి చట్టప్రకారం."

"మరి నేను?"

ఆయన నా సర్టిఫికెట్ మడిచి వెనక్కి ఇచ్చాడు. ఆ జవాబు ఇంటికెళ్లాక మా అమ్మ చెప్పింది. వరసలు కలపడంలో ఆమె గట్టిది. బియ్యంలో రాళ్లేరుతూ, తల కూడా ఎత్తకుండా అంది. "తమ్ముని కొడుకంటే ఇగ నువ్వు వానికి మేనత్తవైతవ్. రేపు నీకు పెండ్లయి బిడ్డ పుడితే వానికే ఇచ్చుకోవచ్చు."

చేట లాగి వాకిట్లోకి విసిరేశాను. బియ్యం ఇల్లంతా చిందాయి. నేను చిన్నమ్మను. తల్లి తర్వాత తల్లిని. మా వరసల్లో నా బిడ్డ వాడికి చెల్లెలు. ఒక్క సంతకంతో నన్ను తల్లి వరసలోంచి తీసి అత్తను చేస్తారట. మా అమ్మ మెల్లిగా అంది. "మరి ఏం చేస్తవే? మేస్త్రీకి ఇస్తవా?"

వాకిట్లోకి వెళ్లి చేట తెచ్చి, చిందిన బియ్యం ఎత్తడం మొదలుపెట్టాను.

తమ్ముడు రెండు రోజులు నాకు ఎదురుపడలేదు. మూడోరోజు వచ్చి, "అక్కా, నువ్వు వద్దంటే నేను సంతకం పెట్టను" అన్నాడు. "పెట్టు" అన్నాను. "పెట్టకపోతే నీ కాళ్లు విరగ్గొడత."

బావ దుబాయ్ వెళ్లే ముందు వారం మళ్లీ లాయర్ గదిలో కలిశాం. బాపు పూలదండలు తెచ్చాడు. కాగితం కన్నా ముందు ఇవ్వడం, పుచ్చుకోవడం నిజంగా జరగాలని లాయర్ చెప్పాడు. కన్నతండ్రి పిల్లాడి చెయ్యి పట్టుకుని దత్తత తీసుకునేవాడి చేతిలో పెట్టాలి. తమ్ముడు కొత్త చొక్కా వేసుకుని చెమటలు కక్కుతూ కుర్చీలో కూర్చున్నాడు. పెళ్లి చూపులకొచ్చినట్టున్నాడు వెధవ. నన్ను సాక్షి సంతకం పెట్టమన్నారు. పదేళ్లుగా వాణ్ని పెంచినదాన్ని, సాక్షిని!

పిల్లాడు నా చీరకొంగు వదల్లేదు. బావ చెయ్యి చాపాడు. వాడు ఆయన చేతిని, తమ్ముణ్ని, నన్ను మార్చి మార్చి చూశాడు.

"అమ్మా, నన్ను నీకు ఇస్తలేరా?"

"లేదు బిడ్డా. మామకిస్తున్నరు."

"నీకెందుకిస్తలేరు?"

అరవాలనుకున్నాను. ఎవరి మీద అరవను? గదిలో ఉన్నవాళ్లంతా నాకు మేలు చేస్తున్నవాళ్లే.

"నాకు వయసు చాలదంట" అన్నాను.

వాడు నా ముఖంలోకి చూశాడు. చెయ్యి ఎత్తి నా చెవి పక్కన నెరిసిన వెంట్రుకలు పట్టుకుని లాయర్‌కు చూపించాడు. "చాలుతది సార్, చూడుండ్రి."

లాయర్ కిటికీ వైపు తిరిగాడు. నేను వాడి వేళ్లు ఒక్కొక్కటే నా జుట్టులోంచి విడిపించాను. "పో బిడ్డా, మామ చెయ్యి పట్టుకో" అని నేనే చెప్పాను.